రోజుకు ఎన్నిసార్లు అడగాలి?

రోగుల చేతికి ఇచ్చిన ఆ ఫైలు చూడటానికి మామూలుగానే ఉంది. లోపల అచ్చు వేసిన కార్డులు. ఉదయం 10 గంటలకు, సాయంత్రం 4కి, రాత్రి 8కి ఫైలు తెరవాలి. ఆ క్షణంలో నొప్పి ఎంత ఉందో కార్డు మీద గుర్తు పెట్టాలి. రాసిన సమయం కూడా పక్కనే వేయాలి. ఇలా 21 రోజులు. రోగులకు తెలియని సంగతి ఒకటే. ఆ ఫైలులో వెలుతురును పసిగట్టే చిన్న సెన్సార్‌ను అమర్చారు. ఫైలు ఎప్పుడు తెరిచారో, ఎప్పుడు మూశారో అది నిమిషాలతో సహా నమోదు చేస్తూ పోయింది.

అమెరికాలో ఆర్థర్ స్టోన్, సాల్ షిఫ్‌మన్, వారి సహచరులు చేసిన ఈ ప్రయోగం 2002లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో అచ్చయింది. దీర్ఘకాలిక నొప్పితో బాధపడుతున్న 80 మందిని తీసుకుని, సగం మందికి ఈ కాగితం డైరీ, మిగతా సగానికి అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్ ఇచ్చారు. కాగితం డైరీలు తిరిగొచ్చాక చూస్తే నూటికి 90 కార్డుల మీద సరైన సమయమే ఉంది, మహా అయితే పావుగంట అటూ ఇటూ. సెన్సార్ లెక్క మాత్రం వేరుగా ఉంది. నిజంగా ఆ వేళకు రాసినవి నూటికి 11 మాత్రమే. మొత్తం రోజుల్లో దాదాపు మూడో వంతు రోజులు ఫైలు అసలు తెరుచుకోనే లేదు. ఆ రోజుల కార్డులు కూడా తొంభై శాతానికి పైగా నిండి ఉన్నాయి.

కంప్యూటర్ ఇచ్చిన వాళ్లు నూటికి 94 సార్లు వేళకే జవాబిచ్చారు. అది అలారం మోగించి గుర్తు చేస్తుంది, వేళ దాటితే రాయనివ్వదు. తేడా ఎక్కువగా అక్కడే వచ్చింది.

కాగితం డైరీ రాసిన వాళ్లను అబద్ధాలకోరులనడం అన్యాయం. నొప్పితో ఉన్న మనిషి వంటగదిలోనో బస్సులోనో ఉండగా నాలుగు దాటిపోతుంది. రాత్రి పడుకోబోయే ముందు గుర్తొస్తుంది. ఖాళీగా వదిలితే డాక్టరు ఏమనుకుంటారోనన్న మొహమాటం. మధ్యాహ్నం ఎలా ఉందో తలచుకుని రాసేస్తారు, ఎదురుగా 'సమయం' అని గడి ఉంది కాబట్టి 4.05 అని వేస్తారు. మోసం చేయాలనే ఉద్దేశం అందులో ఎక్కడా లేదు. కానీ పరిశోధకుడి చేతికి చేరేది మధ్యాహ్నపు నొప్పి కాదు, మధ్యాహ్నపు నొప్పి గురించి రాత్రి మిగిలిన జ్ఞాపకం.

ఈ రెండూ ఒకటే అయితే ఇంత తంటా అక్కర్లేదు. అవి ఒకటి కావు. పెద్దపేగు పరీక్ష చేయించుకుంటున్న రోగులను డోనాల్డ్ రెడెల్‌మయర్, డేనియల్ కానెమన్ నిమిషానికోసారి నొప్పి ఎంత ఉందని అడిగారు, పరీక్ష అయ్యాక మొత్తంగా ఎంత బాధపడ్డారనీ అడిగారు. 1996లో వెలువడిన ఫలితం ప్రకారం తర్వాతి జవాబును ఎక్కువగా నిర్ణయించినవి రెండే: నొప్పి పతాక స్థాయికి చేరిన క్షణం, చివరి కొన్ని నిమిషాలు. పరీక్ష ఎంతసేపు సాగిందన్నది జ్ఞాపకంలో దాదాపు లెక్కకే రాలేదు.

మన దేశంలోనే జరిగిన ఒక అధ్యయనం ఇంకా కలవరపెడుతుంది. జిష్ణు దాస్, ఆయన సహ పరిశోధకులు ఢిల్లీలో 1,621 మంది ఆరోగ్యాన్ని వెంబడించారు. జబ్బు చేసిందా, డాక్టరు దగ్గరికి వెళ్లారా అని కొన్నిసార్లు గడిచిన వారం గురించి, కొన్నిసార్లు గడిచిన నెల గురించి అడిగారు. వారం గురించి అడిగినప్పుడు పేదలు ధనికుల కన్నా ఎక్కువగా డాక్టర్ల దగ్గరికి వెళుతున్నట్టు తేలింది. నెల గురించి అడిగితే తక్కువగా వెళుతున్నట్టు తేలింది. ఊరు అదే, మనుషులు వాళ్లే. ప్రశ్నలోని కాలవ్యవధి మారేసరికి ముగింపు తలకిందులైంది. రోజూ ఏదో ఒక జ్వరం, దగ్గు, ఒళ్లునొప్పులు ఉండే ఇంట్లో జబ్బు చెప్పుకోదగ్గ సంఘటన కాదు. అది నెలాఖరుదాకా గుర్తుండదు. నెలకోసారి అడిగే సర్వేని నమ్ముకుని పేదల బస్తీల ఆరోగ్య కేంద్రాల గురించి నిర్ణయం తీసుకుంటే ఏమవుతుందో ఊహించుకోవచ్చు.

జ్ఞాపకం మీద ఆధారపడకుండా, జరుగుతున్నప్పుడే అడగాలన్న ఆలోచన 1970లలో షికాగో విశ్వవిద్యాలయంలో ఒక పద్ధతిగా రూపు దిద్దుకుంది. మిహాయ్ చిక్‌సెంట్‌మిహాయి, రీడ్ లార్సన్ హైస్కూలు పిల్లల చేతికి పేజర్లు, చిన్న ప్రశ్నల పుస్తకం ఇచ్చారు. వారం రోజులపాటు, మెలకువగా ఉన్న వేళల్లో ఎప్పుడుపడితే అప్పుడు పేజర్ మోగేది. మోగగానే ఎక్కడున్నారు, ఏం చేస్తున్నారు, మనసు ఎలా ఉంది అన్నవి రాయాలి. దీన్నే ఎక్స్‌పీరియన్స్ శాంప్లింగ్ అంటారు. ఇప్పుడు పేజర్ స్థానంలో స్మార్ట్‌ఫోన్ వచ్చింది. పరిశోధకులు ప్రతి పిలుపునూ ఇప్పటికీ 'బీప్' అనే అంటారు.

దీని పక్కనే డైరీ పద్ధతి ఉంది. రోజుకోసారి, సాధారణంగా రాత్రిపూట, ఆ రోజు గురించి రాయడం. నిద్ర, ఇంటి ఖర్చు, తలనొప్పి వచ్చిన రోజులు ఇలాంటివాటికి ఇది సరిపోతుంది. ఎందుకంటే ఇవి ఒక రోజులో మరిచిపోయేవి కావు. గంట గంటకూ మారే కోపం, అలసట, సిగరెట్ తాగాలన్న తహతహ వంటివాటికి రాత్రి డైరీ చాలదు. అక్కడ బీప్ కావాలి.

కేంద్ర గణాంక శాఖ 2019లో దేశవ్యాప్తంగా చేసిన కాల వినియోగ సర్వే ఈ రెంటికీ దూరంగా మూడో దారి ఎంచుకుంది. ముందురోజు తెల్లవారుజామున 4 గంటల నుంచి ఆ రోజు 4 గంటల దాకా ప్రతి అరగంటకూ ఏం చేశారో ఎన్యూమరేటర్ ఇంటికి వచ్చి అడిగి రాసుకున్నాడు. చదవడం, రాయడం రానివాళ్లున్న దేశంలో డైరీ చేతికివ్వడం కుదరదు కాబట్టి ఇది తెలివైన రాజీయే. కానీ పప్పు పొయ్యి మీద ఉండగా పిల్లాడి చేత ఎక్కాలు చెప్పించే తల్లి రోజును మర్నాడు అరగంట గడుల్లోకి సర్దేటప్పుడు కొంత జారిపోక తప్పదు.

బీప్ పద్ధతి ఎంచుకున్న పరిశోధకుడిని మొదట నిలదీసేది పాల్గొనే మనిషి ఓపిక. రోజుకు ఎన్నిసార్లు మోగించాలి? ఒక్కోసారి ఎన్ని ప్రశ్నలు? చాలాకాలం అందరూ మొదటి ప్రశ్న గురించే భయపడ్డారు. పదిసార్లు మోగితే జనం విసిగి మానేస్తారని. బెల్జియంలోని లూవెన్ విశ్వవిద్యాలయంలో గుద్రున్ ఐజెలె బృందం ఆ భయాన్ని పరీక్షకు పెట్టింది. 163 మంది విద్యార్థులను విడదీసి కొందరికి రోజుకు 3 బీప్‌లు, కొందరికి 6, కొందరికి 9 ఇచ్చారు. మళ్లీ అందులో కొందరికి ఒక్కోసారి 30 ప్రశ్నలు, కొందరికి 60. పద్నాలుగు రోజులు గడిచాక చూస్తే బీప్‌ల సంఖ్య పెద్దగా తేడా తేలేదు. ప్రశ్నల సంఖ్యే తెచ్చింది. 60 ప్రశ్నలు వచ్చినవాళ్లకు భారం ఎక్కువనిపించింది. జవాబులు తగ్గాయి, ఇచ్చిన జవాబుల్లోనూ అశ్రద్ధ పెరిగింది.

ఆలోచిస్తే ఇందులో వింత లేదు. ఫోన్ మోగడం ఈ తరానికి అలవాటే. నిమిషంలో పని అయిపోతుందని తెలిస్తే తొమ్మిదోసారి కూడా చూస్తారు. అయిదు నిమిషాలు పడుతుందని ఒకసారి తెలిశాక మూడో బీప్‌కే చేయి వెనక్కి పోతుంది. అయితే ఆ ప్రయోగంలో ఉన్నది విద్యార్థులు, రెండు వారాలు. పొలంలో నాట్లు వేసే మనిషికి, బస్సు డ్రైవర్‌కు, ఆసుపత్రి వార్డులో నర్సుకు ఆ ఫలితాన్ని ఉన్నదున్నట్టు అంటగట్టకూడదు. బీప్ ఎన్నిసార్లు మోగిందన్నదాని కన్నా ఎలాంటి పనిలో ఉండగా మోగిందన్నది వాళ్లకు ముఖ్యం.

ఒక ఊహా ఉదాహరణ తీసుకుంటే ఇది స్పష్టమవుతుంది. విశాఖలో ఒక పెద్ద ఆసుపత్రి ఉందనుకుందాం. షిఫ్టుల్లో పనిచేసే నర్సుల అలసట రోజులో ఎప్పుడు, ఎందుకు పెరుగుతుందో తెలుసుకోవాలి. పరిశోధకురాలు రోజుకు ఆరు బీప్‌లు చాలనుకుంది. పగటి షిఫ్టు వాళ్లకు ఉదయం 6.30 నుంచి రాత్రి 9.30 దాకా పదిహేను గంటలను రెండున్నర గంటల చొప్పున ఆరు ముక్కలు చేసింది. ప్రతి ముక్కలో ఒకసారి, ఏ నిమిషంలోనన్నది యాదృచ్ఛికంగా, ఫోన్ మోగుతుంది. ఒకే వేళకు మోగితే ముందే ఊహించి అందుకు సిద్ధపడతారు, ఆ వేళకు చేసే పనే ప్రతిసారీ నమోదవుతుంది. పూర్తిగా యాదృచ్ఛికానికి వదిలేస్తే మధ్యాహ్నమంతా మోగకపోవచ్చు. ముక్కలు చేయడం ఈ రెండు చిక్కులనూ తప్పిస్తుంది. ఒక ముక్క చివర 8.55కు, తర్వాతి ముక్క మొదట్లో 9.05కు మోగకుండా రెండు బీప్‌ల మధ్య కనీసం 45 నిమిషాల ఎడం పెట్టింది. రాత్రి షిఫ్టు వాళ్లకు ఇదే పట్టికను వాళ్లు మేలుకుని ఉండే గంటలకు జరిపింది.

తర్వాత లెక్క వేసింది. ఒక్కో బీప్‌కు రెండు నిమిషాలు, రోజుకు ఆరు, పద్నాలుగు రోజులు. మొత్తం 168 నిమిషాలు, అంటే దాదాపు మూడు గంటలు. పగటి షిఫ్టు, రాత్రి షిఫ్టు రెండూ పడాలంటే పద్నాలుగు రోజులు తప్పవు. కానీ వరుసగా రెండు వారాలు అడగడం ఎందుకు? షిఫ్టు మారే దాకా ఆగి, ఏడేసి రోజుల చొప్పున రెండు విడతలు చేసింది. మొదట అనుకున్న 30 ప్రశ్నలు కోసి తొమ్మిదికి దించింది. ఈ కోత పరిశోధకులకు ప్రాణసంకటం. ప్రతి ప్రశ్నా ముఖ్యమే అనిపిస్తుంది. అందుకు ఒక మంచి కొలత ఉంది: రోజులో గంట గంటకూ మారనిది ఏదైనా బీప్‌లో ఉండకూడదు. వయసు, ఇంట్లో ఎంతమంది, ఉద్యోగం మీద తృప్తి వంటివి మొదటి రోజు ఒకసారి అడిగితే చాలు.

ప్రశ్న మాటల్లోనూ మెలిక ఉంది. 'అలసటగా ఉంటోందా?' అని అడిగితే నర్సు ఈ వారమంతా తలచుకుని జవాబిస్తుంది. 'ఫోన్ మోగిన క్షణంలో ఎంత అలసటగా ఉన్నారు?' అనాలి. ఆ పూట రోగి బంధువుతో గొడవ పడిందా లేదా తెలుసుకోవాలంటే 'క్రితం బీప్ తర్వాత' అని గడువు పెట్టాలి. ఇక్కడే ఒక ఉచ్చు ఉంది. 'గొడవ జరిగింది' అంటే మరో అయిదు ప్రశ్నలు, 'జరగలేదు' అంటే నేరుగా ముగింపు అని పెడితే రెండో రోజుకల్లా నర్సులు దారి కనిపెట్టేస్తారు. గొడవలు కాగితం మీద తగ్గిపోతాయి. 'లేదు' అన్నవాళ్లకూ అన్నే ప్రశ్నలు, వేరే విషయం మీద, వచ్చేలా చేయడమే దీనికి విరుగుడు.

అన్నిటికన్నా కష్టమైన నిర్ణయం, బీప్ మోగాక జవాబుకు ఎంతసేపు గడువు ఇవ్వాలన్నది. సెలైన్ ఎక్కిస్తున్న నర్సు ఫోన్ తీయలేదు, తీయకూడదు. గడువు పది నిమిషాలే అయితే ఆ బీప్ పోతుంది. గంట అయితే పని తెమిలాక, టీ తాగుతూ, కాస్త కుదుటపడిన మనసుతో జవాబిస్తుంది. రెండు విధాలా నష్టపోయేది వార్డులో ఊపిరాడని క్షణాల లెక్కే. అలసట ఎక్కువగా ఉండేదీ అప్పుడే. మొత్తం స్పందన 80 శాతం వచ్చిందని మురిసిపోయే నివేదికల్లో ఈ లోపం కనబడదు. మిగిలిన 20 శాతం ఎక్కడ పోయిందో చూడాలి. డ్యూటీ రోస్టర్ పక్కన పెట్టుకుని డ్యూటీలో ఉన్నప్పుడు ఎన్ని బీప్‌లకు జవాబు వచ్చింది, ఇంట్లో ఉన్నప్పుడు ఎన్నింటికి వచ్చింది అని విడివిడిగా లెక్కిస్తే బయటపడుతుంది. డ్యూటీలో సగమే వచ్చి, ఇంట్లో దాదాపు అన్నీ వచ్చి ఉంటే, ఆ అధ్యయనం చెప్పే సగటు అలసట నిజం కన్నా తక్కువ.

మన పరిశోధకురాలు గడువు ఇరవై నిమిషాలు పెట్టి, తెర మీద 'ఇప్పుడు పనిలో ఉన్నాను' అని ఒక బటన్ చేర్చింది. ఒక్క నొక్కుతో వదిలించుకోవచ్చు. అది జవాబు కాకపోయినా సమాచారమే, ఆ క్షణంలో ఆమె తీరికలేకుండా ఉందని చెబుతుంది. షిఫ్టు దిగాక మూడు ప్రశ్నల చిన్న డైరీ కూడా పెట్టింది. సూది గుచ్చుకోవడం, చూసుకుంటున్న రోగి చనిపోవడం వంటివి అరుదు. ఆరు బీప్‌లలో అవి పడకపోవచ్చు. ఇలాంటివి జరిగినప్పుడే నర్సు తనంతట తాను నమోదు చేయమనడం ఒక మార్గం. సిగరెట్ మానాలనుకునేవాళ్ల మీద షిఫ్‌మన్ ఈ మార్గంలోనే పనిచేశారు, వెలిగించిన ప్రతి సిగరెట్టునూ అప్పుడే నొక్కమన్నారు. జ్ఞాపకం మీద అడిగితే పొగతాగేవాళ్ల లెక్కలు పది, ఇరవై అంటూ గుండు అంకెల దగ్గర కుప్పపడతాయని, అప్పటికప్పుడు నమోదు చేస్తే అలా కుప్పపడవని తేలింది. ఈ మార్గానికి ఒక బలహీనత ఉంది. నొక్కడం మరిచిపోయిన సంఘటన ఎక్కడా ఖాళీగా కూడా కనబడదు. మోగినా జవాబు రాని బీప్‌ను లెక్కపెట్టవచ్చు, నమోదు కాని సంఘటనను లెక్కపెట్టలేం. అందుకే షిఫ్టు చివరి డైరీ కావాలి.

సమాచారం వస్తున్న కొద్దీ కొన్ని గుర్తులు గమనించాలి. తొమ్మిది ప్రశ్నలకు ఏడెనిమిది సెకన్లలో జవాబులొచ్చాయంటే చదవలేదని అర్థం. అన్నిటికీ ఒకే అంకె నొక్కుకుంటూ పోవడం ఇంకో గుర్తు. 'చాలా ప్రశాంతంగా', 'చాలా కంగారుగా' రెండూ ఒకే బీప్‌లో ఎక్కువగా వచ్చినా అంతే. ఇవి ఎక్కువగా రెండో వారంలో కనబడుతుంటే మనిషిది తప్పు కాదు, అధ్యయనం బరువైందని.

అడగడం వల్లే మనిషి మారిపోడా అన్న సందేహం సహజం. రోజుకు ఆరుసార్లు 'అలసటగా ఉందా' అంటే లేని అలసట కూడా గుర్తొస్తుంది కదా! నొప్పి విషయంలో స్టోన్ బృందమే దీన్ని 2003లో పరీక్షించింది. రోజుకు 3, 6, 12 సార్లు అడిగిన రోగుల మధ్య నొప్పిలో చెప్పుకోదగ్గ మార్పు కనబడలేదు. అయితే నొప్పిని మనిషి తగ్గించుకోలేడు. తాగే మందు, తినే చిరుతిండి, ఫోన్ చూసే సమయం మనిషి చేతిలో ఉన్నవి. వాటిని లెక్కించమంటే లెక్కించడమే అదుపు చేస్తుంది. బరువు తగ్గే చికిత్సల్లో తిండి డైరీ రాయించేది ఆ ప్రభావం కోసమే. కొలవాలనుకునే పరిశోధకుడికి అదే అడ్డంకి.

తెలుగు నేల మీద ఈ పద్ధతి వాడాలంటే పుస్తకాల్లో లేని చిక్కులు ఎదురవుతాయి. చాలా ఇళ్లలో ఫోన్ ఒక్కరిది కాదు. కోడలికి వచ్చిన బీప్‌ను భర్తో కొడుకో తెరుస్తాడు, అత్తగారితో గొడవ జరిగిందా అనే ప్రశ్న అక్కడ అడగనే కూడదు. బ్యాటరీ ఆదా చేయడానికి కొన్ని ఫోన్లు యాప్‌లను వాటంతట అవే ఆపేస్తాయి. బీప్ మోగకపోయినా, మోగినా జవాబివ్వకపోయినా కంప్యూటర్‌లో ఒకేలా ఖాళీగా కనబడతాయి. అందుకని బీప్ నిజంగా ఫోన్‌లో మోగిందో లేదో యాప్ విడిగా నమోదు చేయాలి. చదువు రానివాళ్లకు తెర మీద అక్షరాల కన్నా, తెలుగులో రికార్డు చేసిన గొంతు ఫోన్ చేసి 'అవునైతే ఒకటి, కాదంటే రెండు నొక్కండి' అనడం మేలు. అప్పుడు మూడు నాలుగు ప్రశ్నలకు మించి అడగలేం. ఆ హద్దుకు ఒప్పుకునే అధ్యయనమే అక్కడ పనికొస్తుంది.

కాగితాన్ని పూర్తిగా కొట్టిపారేయడమూ సరికాదు. 2006లో గ్రీన్, నియల్ బోల్గర్ తదితరులు కాగితం డైరీలనూ ఎలక్ట్రానిక్ డైరీలనూ పోల్చి, పాల్గొనేవాళ్లతో మంచి సంబంధం ఉన్నచోట, వాళ్లకు పని మీద శ్రద్ధ కలిగించినచోట రెండింటి ఫలితాలూ దగ్గరగానే ఉన్నాయని చూపారు. కాగితం మీద నమ్మకం పోవడానికి మనుషులను ఎలా చూసుకున్నారన్నది కూడా ఒక కారణమని దీని అర్థం. 2023లో వ్రూజస్, నాయ్‌బవర్ వందల అధ్యయనాలను కలిపి చూస్తే సగటున నూటికి 79 బీప్‌లకు జవాబులు వచ్చినట్టు తేలింది. పాల్గొన్నందుకు డబ్బు ఇచ్చినచోట స్పందన పెరిగింది. మనుషుల సమయానికి విలువ కట్టడం మర్యాదే కాదు, పరిశోధనకు అవసరం కూడా. అయితే బీప్‌కు ఇంత అని కడితే చదవకుండా నొక్కేవాళ్లు తయారవుతారు కాబట్టి విడతకు ఇంత అని ఇవ్వడం నయం.

డైరీ నింపే పని పరిశోధనలో చేరినవాళ్లదే కాదు. తలనొప్పి వచ్చిన రోజులు రాయమని, ఇంట్లో బీపీ చూసుకుని పొద్దున్నా సాయంత్రం వేయమని, షుగరు రీడింగులు తెమ్మని డాక్టర్లు కార్డులు ఇస్తూనే ఉంటారు. ఆసుపత్రికి బయల్దేరే ముందు రాత్రి కూర్చుని పాత తేదీలన్నీ నింపకండి. మరిచిపోయిన రోజు గడిని ఖాళీగా వదిలేయండి, డాక్టరుకు ఆ మాట చెప్పండి. ఖాళీ గడిని చూసి డాక్టరు మళ్లీ అడగగలరు. ఊహించి రాసిన అంకెను చూసి మందు మోతాదు మార్చేస్తారు.